హోదా అనే గడి

దరఖాస్తులో ఆ గడిని నేను అర నిమిషంలో నింపేశాను. పేరు, చిరునామా, చేసే పని, ఆ తరవాత హోదా. వ్యక్తా, హిందూ అవిభక్త కుటుంబమా, భాగస్వామ్య సంస్థా అని అడిగారు. వ్యక్తి అని రాశాను. శ్రీకాకుళంలో ఒక అద్దెగదిలో ఉంటూ, రెండు పూటలా హోటల్లో తింటూ, జ్వరం వస్తే పక్కింటి తలుపు కొట్టడానికి మొహమాటపడే మనిషి ఇంకేం రాస్తాడు?

అరవైల చివరి మాట. అప్పటిదాకా పెద్ద కాంట్రాక్టర్ల కింద చిల్లర పనులు చేసేవాణ్ణి. పని నాది, బోర్డు మీద పేరు వాళ్ళది. పాతపట్నం దారిలో రెండు కల్వర్టులకి టెండరు పిలిచినప్పుడు, ఈసారి నా పేరుతోనే వేస్తానని పంతం పట్టాను. అంత మొత్తం పనికి ఆదాయపు పన్ను క్లియరెన్స్ సర్టిఫికెట్ జతచేయాలన్నారు. అది లేని టెండరు తెరిచి కూడా చూడరు. గడువు మూడు వారాలుంది. నా రిటర్ను వేశాను, కట్టాల్సింది కట్టాను, ఇంకేం అడ్డు ఉంటుందిలే అనుకున్నాను.

వారం తరవాత వెళ్తే ఆదాయపు పన్ను ఆఫీసరు నా దరఖాస్తు మీద ఎర్ర సిరాతో హోదా చుట్టూ సున్నా చుట్టి ఉంచాడు.

"మీరు వ్యక్తి ఎలా అవుతారు? ఆమదాలవలస రైసుమిల్లు కుటుంబంలో సభ్యులు కదా!" అన్నాడు.

"ఆరేళ్ళ క్రితమే వేరుపడ్డామండీ. పెద్దమనుషులు కూర్చుని పంచారు. మిల్లు మా అన్నయ్యకి, పొలంలో సగం నాకు. కాగితం కూడా రాసుకున్నాం."

"ఆ సంగతి మాకెవరు చెప్పారు?"

ఊళ్ళో నలుగురికీ తెలిస్తే ప్రభుత్వానికీ తెలిసినట్టేననుకున్నాను. ఆయన విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు. ఒకసారి ఉమ్మడి కుటుంబంగా పన్ను వేశాక, పంపకం జరిగిందని ఈ ఆఫీసు విచారించి ఆర్డరు రాసేదాకా చట్టం కళ్ళకి అది ఉమ్మడి కుటుంబమే. మిల్లు మీద పన్ను బకాయి ఉంది. అది తీరాలి. నా కాంట్రాక్టు ఆదాయం నాదా, కుటుంబానిదా అన్నది కూడా తేలాలి. పంపకం జరిగిందని నేను అర్జీ పెట్టుకుంటే సభ్యులందరికీ నోటీసులిచ్చి విచారిస్తాడట. ఆ ఆర్డరు వచ్చినా పాత బకాయి మాత్రం ఎవరినీ వదలదట.

నాకు ఒళ్ళు మండింది. గొంతు కూడా పెంచాను. అప్పుడాయన అన్నయ్య వేసిన రిటర్ను నా వైపు తిప్పాడు. కుటుంబ సభ్యులు అన్నచోట మొదట అన్నయ్య పేరు, దాని కింద నా పేరు. అంతకు ముందేడు కాగితంలోనూ ఉంది. ఆరేళ్ళూ ఉంది.

నా కోపం ఎటు పోయిందో తెలీదు. సర్టిఫికెట్ రాలేదన్న సంగతే మరిచిపోయి మెట్లు దిగాను. నా భార్య పోయాక ఆ ఇంట్లో ప్రతి మాటా నాకు ముల్లులా గుచ్చుకునేది. కాంట్రాక్టులకి డబ్బివ్వనని అన్నయ్య అన్న ఒక్క మాట పట్టుకుని బయటికొచ్చేశాను. ఆ తరవాత అతనూ రాలేదు, నేనూ వెళ్ళలేదు. రెండూళ్ళ మధ్యా పట్టుమని పది మైళ్ళు లేవు. అలాంటిది, ఏడాదికోసారి కూర్చుని నా పేరు రాసుకుంటున్నాడన్నమాట! రెండు రోజులు నేను హోటల్లో పులుసు బాగాలేదని కూడా ఎవరితోనూ తగువు పడలేదు.

మూడోనాడు బూందీ మిఠాయి పొట్లం కట్టించుకుని ఆమదాలవలస బస్సెక్కాను.

మిల్లు ఆడుతోంది. గడపలో ఆడుకుంటున్న చిన్నపిల్ల నన్ను చూసి లోపలికి పరుగెత్తి, "అమ్మా, ఎవులో వొచ్చినారే" అంది. వదిన బయటికొచ్చి ఒక్క క్షణం నిలబడిపోయింది. "ఎవులో కాదే, మీ సిన్నాన్న" అని పొట్లం అందుకుంది. నేను వెళ్ళిపోయాక పుట్టిన పిల్ల అది.

అన్నయ్య బుగ్గల మీద తవుడు తుడుచుకుంటూ వచ్చాడు. జుట్టు సగం నెరిసింది.

"ఏటిరా, ఇలగొచ్చీనావు? కూసో."

సంగతంతా చెప్పాను. చివర్లో, అసలు నేను అడగడానికి వచ్చింది అడిగాను. "ఏటా నా పేరు రాస్తున్నావట కదా!"

"నీ పేరా?" అన్నయ్య గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. "ఓ, అదా! గుమస్తా ఏటా పాత కాయితం ముందరెట్టుకుని దింపీస్తాడు. నాను సంతకం ఎట్టడమే. సదివీ తీరికెక్కడున్నాదిరా?"

నేను నవ్వాను. నవ్వడం తప్ప ఇంకేం చేయాలో తోచలేదు.

అన్నయ్య చెడ్డవాడు కాదు. "నీ టెండరు నా మూలంగా పోకూడదు. బకాయి మిల్లుది, నానే కట్టీస్తాను. నోటీసొస్తే నానే వొచ్చి సెప్పీస్తాను" అన్నాడు. వదిన భోజనం చేయమంది. బస్సుకి వేళయిందన్నాను. వేళ కాలేదు. బస్టాండులో గంటసేపు కూర్చున్నాను.

అన్నట్టే వచ్చాడు. నేను అర్జీ పెట్టిన ఆ వారంలోనే విచారణ పెట్టాడు ఆఫీసరు. అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని, పన్ను కట్టిన చలానా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దమనుషుల కాగితం, విడివిడిగా ఉన్న పట్టాలు నేను చూపించాను. పొలాన్ని హద్దులు వేసి పంచుకున్నారా అని ఆఫీసరు అడిగాడు. వేశామన్నాం.

"ఏ రోజు నుంచి వేరు?"

నేను నెల తలుచుకుంటుండగానే అన్నయ్య చెప్పేశాడు. "మా మరదలు సంవత్సరీకం అయిన మర్నాడు బాబూ. లచ్చివారం."

నేను తల దించుకున్నాను. గురువారమని వారంతో సహా అతనికి గుర్తుంది.

"అప్పటి నుంచి కలిపి వంటగానీ, వ్యాపారంగానీ, రాకపోకలుగానీ?"

"నేదు బాబూ. ఏటీ నేదు."

"మీరేమంటారు?" అని నన్నడిగాడు. ఏమీ లేదన్నాను. ఆఫీసు గుమస్తా అదంతా రాసి చదివి వినిపించాడు. ఇద్దరం ఒకే కలంతో ఒకరి తరవాత ఒకరం సంతకాలు చేశాం.

బయట అన్నయ్య చెప్పులేసుకుంటూ, "తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను."

"సరే అయితే. మిల్లుకి కరెంటోడొస్తానన్నాడు" అని గబగబా వెళ్ళిపోయాడు. నేను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఒక్కసారి వెనక్కి పిలుద్దామనుకున్నాను, పిలవలేదు. ఆ పిలవకపోవడం నా తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నాలుగు రోజులకి పంపకాన్ని గుర్తిస్తూ ఆర్డరొచ్చింది. సర్టిఫికెట్ కూడా గడువుకి రెండు రోజుల ముందే చేతికొచ్చింది. టెండరు నాకే దక్కింది. ఆ కల్వర్టుల మీద నా పేరు చెక్కించాను, ఇప్పటికీ ఉండే ఉంటుంది.

కానీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు గుమస్తా, పాత దరఖాస్తు మీద ఎర్ర గీతలున్నాయి, కొత్తది రాసివ్వమన్నాడు. ఆ వరండాలో బల్ల మీద వంగి పేరు రాశాను, చిరునామా రాశాను, చేసే పని రాశాను. హోదా దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఏటండి బాబూ, ఏటి రాయాలో తెలీలేదా?" అన్నాడు గుమస్తా.

తెలుసన్నాను. వ్యక్తి అని రాశాను.