‘ఏటి కావాల?’ సారుకి పుట్టినరోజు ఉత్తరం

మా రామారావు సారుని ఎవరు పలకరించినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒక్కటే: "ఏటి కావాల?"

నమస్కారం పెట్టినా అదే. "చొక్కా బాగుంది సార్" అన్నా అదే, కాకపోతే అప్పుడు జేబు పట్టుకుని మరీ అడిగేవారు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, అనంతగిరిలో మా కాఫీ నర్సరీకి పెద్ద. ఓసారి విశాఖ నుంచి తనిఖీకొచ్చిన ఆఫీసరు "నర్సరీ అద్భుతమండీ రామారావుగారూ!" అన్నాడు.

"ఏటి కావాలండి?"

ఆఫీసరు కాసేపు కొండలకేసి చూసి, "మా మేడ మీద కుండీల్లోకి రెండు మిరియాల తీగలు..." అని నసిగాడు. సారు అంచనా తప్పిన రోజు నేను చూడలేదు.

ఇంట్లో భార్య హేమలతమ్మగారికీ మినహాయింపు లేదు. "మీసం భలే నల్లగా ఉందండీ" అందావిడ ఓ ఆదివారం.

"ఏటి కావాల?"

"గ్యాస్ బండ."

ఇలాంటి మనిషికి కృతజ్ఞత చెప్పడం ఎలా? 2003 ఆగస్టులో నాకొచ్చిన చిక్కు అది. ఆ నెల పన్నెండున ఆయనకి యాభై ఎనిమిది నిండుతాయి. నెలాఖరుకి రిటైరై సొంతూరు వెళ్లిపోతారు. ఎనిమిదేళ్లు పని నేర్పిన మనిషిని ఆ ఒక్క మాట చెప్పకుండా పంపేస్తే నాకు జన్మంతా వెలితే. కానీ నా ప్రమోషన్ ఫైలు సంతకానికి ఆయన టేబుల్ మీదే పడి ఉంది.

"ఫైలు కదిలాక సెప్పు సత్యకుమారీ" అన్నాడు తోటి ఉద్యోగి ఫల్గుణ.

"పుట్టినరోజు ఆగుతుందేటి?" అన్నాను.

ఉత్తరం రాసి చదివి వినిపిద్దామనుకున్నాను. మొదటిదాంట్లో ఆయన్ని మార్గదర్శి, మహనీయుడు, కల్పతరువు చేసేశాను. ఫల్గుణ చదివి, "పేరు తీసేసి మంత్రిగారికి ఇచ్చినా సరిపోద్ది" అన్నాడు. చింపేశాను.

రెండోదానిలో ఆయన చేసిన మేళ్లన్నీ వరసగా రాశాను: ఉద్యోగం ఇప్పించారు, ట్రైనింగుకి పంపించారు, క్వార్టర్ ఇప్పించారు. చివర్న చెయ్యి అలవాటు కొద్దీ "తమ దయ ఎల్లప్పుడూ నాపై ఉండవలెనని కోరి ప్రార్థిస్తూ, తమ విధేయురాలు" అని రాసేసింది.

ఫల్గుణ పడీ పడీ నవ్వాడు. "ఇది సెలవు చీటీ. ఎన్ని రోజులు కావాలో రాయడం మర్సిపోయావు!"

నిజమే. ఇప్పించినవన్నీ ఏకరువు పెడితే ఇంకోటి ఇప్పించమన్నట్టే ఉంది. ఆయన ఇచ్చినవి కాదు, ఆయన వల్ల నేనెలా మారానో రాయాలి. అలా మొదటి రోజు నుంచి గుర్తుచేసుకుంటుంటే ఒకచోట కలం ఆగిపోయింది. ఎనిమిదేళ్లూ నవ్వుకున్న ఆ 'ఏటి కావాల?'కి అర్థం అప్పుడు తెలిసి సిగ్గేసింది.

పన్నెండో తేదీ పొద్దున్న ఆయన ఇంటికెళ్లాను. "పుట్టినరోజు శుభాకాంక్షలు సార్."

"ఏటి కావాల? ఫైలా?"

"ఫైలు మీ ఇష్టం సార్. ఇది వినండి చాలు." నిలబడే చదివాను.

"సార్, నేను మొదటిసారి వచ్చిన రోజు మీ వరండాలో గంటసేపు వానల గురించి మాట్లాడాను. కొండమీది మా ఊరివాళ్లకి నోరు తెరిచి అడగడం రాదు. వచ్చి, కూర్చుని, వెళ్లిపోతాం. నేనూ లేచి వెళ్లబోతుంటే మీరు 'ఏటి కావాల?' అన్నారు. 'పని' అన్నాను. మీరడక్కపోతే ఆ మాట నాతోనే కొండెక్కిపోయేది.

నేను మూడొందల మొక్కలు తల్లివేరు మడతపడేలా సంచుల్లో నాటేశాను. మీరు ఒక సంచి చింపి వేరు చూపించారు. ఒక్క మాట అనకుండా నా పక్కన కూర్చుని మూడొందలూ కొత్తగా నాటించారు. ఇప్పుడు కొత్తవాళ్లు తప్పు చేస్తే నేనూ సంచి చింపి చూపిస్తాను, పక్కన కూర్చుంటాను.

రైతుల మీటింగులో మైకు నా చేతికిచ్చి టీకని వెళ్లారు. గంటయినా రాలేదు. మీరు గోడ వెనకే ఉన్నారని తర్వాత తెలిసింది. నిన్న నేనూ కొత్తగా చేరిన రత్న చేతికి మైకిచ్చి టీకెళ్లాను. గోడ వెనక నిలబడటం ఎంత కష్టమో తెలిసొచ్చింది సార్. మీరు పుట్టిన రోజు నాకు చాలా మంచి రోజు. సత్యకుమారి."

సారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నాకు భయమేసింది.

"సరిగ్గా వినబడలేదు. మళ్లీ సదువు" అన్నారు చివరికి, అటే చూస్తూ.

మళ్లీ చదివాను. హేమలతమ్మగారు గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చారు.

"ఇప్పుడైనా వినబడిందా?" అంది ఆవిడ.

"నాకు మొదటిసారే వినబడింది" అన్నారు సారు. "నువ్వు సగం నుంచి వచ్చావు. ఈవిడకోసం మొదట్నుంచి సదువమ్మా."