మా పొలానికి కట్టిన ధర

బళ్లారిలో సత్యనారాయణపేటలో ఒక లాయరు దగ్గర టైపిస్టుగా పని చేస్తున్నాను. నేను టైపు చేసినవాటిలో సగం భూమి తగాదాలే. అందుకే కురుగోడు దగ్గర మా ఊరికి నోటీసు వచ్చినప్పుడు మా నాయన ఫోను చేసి ఒకే మాట అన్నాడు. "కన్నడంలో ఉండాది, వచ్చి చదివి పో." నాయన చదువుకున్నది తెలుగు, అదీ నాలుగో తరగతి దాకా.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. మా పొలం మూడెకరాలు, కాలువ కింద. ఒక కారు మిరప, ఒక కారు వరి. కొత్త బైపాస్ రోడ్డు దాని నడిమధ్య నుంచి పోతోంది, మూడెకరాలూ అందులోకే పోతాయి. అంతకుముందు రెండు నోటీసులు వచ్చి ఉన్నాయట, సర్వేకు వచ్చినవాళ్లు రాళ్లు కూడా పాతి పోయారట. మా వాళ్లు వాటిని గూట్లో దోపి పెట్టి ఊరుకున్నారు. ఒళ్లు మండింది. ముందే చెప్పి ఉంటే అభ్యంతరమైనా రాసుకునేవాళ్లం కదా అని అరిచాను. రోడ్డు వచ్చేదాన్ని నువ్వు ఆపుతావా అన్నాడు నాయన.

ఈసారి నోటీసు పరిహారం గురించి. భూమిలో హక్కున్నవాళ్లు ఫలానా రోజు భూస్వాధీన అధికారి ముందు హాజరై, తమకెంత రావాలో, ఏ ఆధారంతో అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పుకోవాలని ఉంది. అమ్మకు ఉన్న ఆశ ఒక్కటే. ఆ డబ్బుతో కాలువ కింద మళ్లీ మూడెకరాలు, పోనీ రెండెకరాలైనా కొనాలి. అమ్మకు సేద్యం తప్ప వేరే పని తెలియదు. కూలికి పోయే వయసూ కాదు.

వసారాలో కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. అధికారి తన ఇష్టమొచ్చినట్టు ధర కట్టడు. రిజిస్ట్రారు ఆఫీసులో సర్కారు నిర్ణయించిన ధర ఒకటి ఉంటుంది. మొదటి ప్రకటనకు ముందు మూడేళ్లలో మా ఊళ్లో, పక్క ఊళ్లలో ఇలాంటి భూములే అమ్మిన రిజిస్ట్రీలు చూస్తారు. వాటిలో ఎక్కువ ధర పలికిన సగం తీసి సరాసరి కడతారు. ఆ రెండింటిలో ఏది ఎక్కువైతే అది భూమి ధర. పల్లెలో భూమి కాబట్టి, పట్నానికి ఎంత దూరమో చూసి దాన్ని ఒకటి నుంచి రెండింతల లోపు పెంచుతారు. బోరు, చెట్లు, కొట్టం ఉంటే వాటి విలువ కలుపుతారు. అలా వచ్చిన మొత్తానికి అంతే మొత్తం ఊరట కింద మళ్లీ ఇస్తారు. ఇవి కాక, ప్రకటన వెలువడిన నాటి నుంచి తీర్పు రాసే నాటిదాకా భూమి ధర మీద ఏడాదికి నూటికి పన్నెండు చొప్పున చేరుతుంది.

"అంటే రెండింతలు చేసి, మళ్లీ రెండింతలా?" అంది అమ్మ. మొహం విచ్చుకుంది. ఆ పూట నాకు బలవంతంగా రెండు ఒబ్బట్లు ఎక్కువ పెట్టింది. నేనూ సంబరపడ్డాను, చెప్పొద్దూ.

మరుసటి వారం రిజిస్ట్రారు ఆఫీసులో ఆ మూడేళ్ల రిజిస్ట్రీల నకళ్లు తీయించాను. ఎకరా ధర అన్నిట్లో ఇంచుమించు ఒక్కటే, సర్కారు ధరకు ఒక వెంట్రుక అటో ఇటో. నిజంగా చేతులు మారింది దానికి పదింతలు. మా దగ్గర అందరూ చేసేది అదే. పత్రంలో సర్కారు ధర, మిగతాది సంచిలో నోట్లు. స్టాంపు ఖర్చు తగ్గుతుందని కొనేవాడు సంతోషిస్తాడు, పన్ను తప్పుతుందని అమ్మేవాడు సంతోషిస్తాడు. ఎక్కువ పలికిన సగం తీసినా ఏం లాభం? అన్నీ తక్కువవే. తక్కువను ఎన్ని ఇంతలు చేసినా తక్కువే.

ఆ నకళ్లలో ఒకటి మా నాయనది. పక్క పొలం ఆయన దగ్గర ఎకరా కొన్నాడు, మా మూడెకరాల్లో మూడోది అదే. ఆయన వాళ్లది కోస్తా, కాలువ వచ్చిన కాలంలో వాళ్ల తాత ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు.

నిజం ధరకు ఆధారం ఉంటే, పత్రాల్లోవి అసలు ధరలు కావని అధికారి వాటిని పక్కన పెట్టవచ్చు. చట్టంలో ఆ వీలుంది. కొన్నప్పుడు తెల్లకాగితం మీద అసలు ధర రాసుకున్న అగ్రిమెంటు ఉంటుంది కదా, అది తీయమన్నాను. నాయన లేచి బయటికి పోయాడు. చివరికి అమ్మే చెప్పింది. రిజిస్ట్రీ అయిన రోజు ఇద్దరూ కలిసి దాన్ని చింపేశారట. మా ఊళ్లో రివాజే అంత. పైకం ముట్టాక ఆ కాగితం ఒకరి ఎదుట ఒకరు చింపుతారు, రేపు ఎవరూ ఎవరి మీదికీ పోరని నమ్మకానికి. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇక మిగిలింది ఆయన నోటిమాటే. నాయన వద్దంటున్నా నేనే వెళ్లి అడిగాను. మంచి మనిషి. కాఫీ ఇప్పించాడు.

"అడగడంలో తప్పు లేదమ్మా. కానీ నగదు తీసుకున్నానని ఆఫీసరు ముందు నేనెలా చెప్పనండీ? మీ నాన్నగారికీ జరిమానా పడుతుంది, నాకూ పడుతుంది. పిల్ల పెళ్లికి అంతా ఖర్చయిపోయింది, ఎక్కడి నుంచి తెచ్చి కట్టను?"

ఆయన రానక్కర్లేదు, నాయన ఒక్కడు నిజం చెప్పినా రికార్డుకెక్కుతుంది అనుకున్నాను. జరిమానా పడితే పడనీ, పరిహారం ముందు అదెంత? విచారణకు పోతూ బస్సులో దారి పొడుగునా నాయనకు నూరిపోశాను. తల ఊపాడు.

అధికారి కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. మేము రాసిచ్చిన కాగితం చదివి, మీరడిగినదానికీ పత్రాలకూ పొంతన లేదే అన్నాడు. నాయన ఎకరా కొన్న రిజిస్ట్రీనే అధికారి తీసి, నాయన ముందు పెట్టి కన్నడంలో అడిగాడు, ఈ సంతకం మీదేనా అని. నాదే అన్నాడు నాయన. దీన్ని మీరు నిజంగా ఎంతకు కొన్నారు అని అడిగాడు. గుమాస్తా రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంతకన్నా సూటిగా ఏ అధికారీ అడగడు. చెప్పు నాయనా, చెప్పు అని మనసులోనే అనుకుంటున్నాను.

"దాంట్లో రాసిండేదే సార్," అన్నాడు మా నాయన.

బయటికొచ్చాక నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా అరిచాను. మనల్ని ముంచేశావు, అమ్మ నోట్లో మట్టి కొట్టావు అన్నాను. నాయన అరుగు మీద కూర్చుని చెప్పులు సరిచేసుకున్నాడు.

"ఆయప్ప ముందర చింపినా గదమ్మా. చింపినాక మల్ల యాడ చెప్పేది?"

తీర్పు నోటీసు వచ్చింది. భూమి ధర సర్కారు ధర దగ్గరే ఆగింది, దూరం చూసి పెంచింది ఒకటిన్నర ఇంతలే. అభ్యంతరం తెలుపుతూ తీసుకుంటున్నానని నాయన చేత రాయించాకే డబ్బు తీసుకోనిచ్చాను. అలా రాయకపోతే పై విచారణకు పోయే దారే మూసుకుపోతుంది. గడువులోపే అర్జీ పెట్టాం. కానీ అక్కడికి పోయే ఫైలులో నాయన చెప్పిన మాట, దాని కింద సంతకం ఉన్నాయి. మా లాయరు అది చదివి, చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు.

కాలువ కింద అమ్మకానికి ఉన్న పొలాలన్నీ నాయన తిరిగి వచ్చాడు. అందరూ అడిగేది అసలు ధరే. పత్రంలో మాత్రం సర్కారు ధర రాసుకుందాం అంటున్నారట.

కిందటిసారి ఊరికి పోతే అమ్మ బ్యాంకు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వు లెక్క బాగా చెప్తావు గదా. ఈ దుడ్డుకు ఎంత భూమి వస్తాదో చెప్పు."

లెక్క నా మనసులో అప్పటికే అయిపోయింది. ఎకరా కూడా రాదు. పుస్తకం మూసి అమ్మ చేతికిచ్చాను. అమ్మ దాన్ని తీసి పెట్టి, రేపట్నుంచి పక్క పొలం ఆయన మిరప కోతకు కూలికి రమ్మన్నాడని చెప్పింది.