అక్క నవ్వుతూ ఉంటుంది

కృష్ణానగర్‌లో టీవీ సీరియళ్లకు సీన్లు రాసి పొట్ట పోసుకునే రోజులవి. అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. జావా నేర్చుకోకుండా ఇదేం పని అని యూసుఫ్‌గూడ రూమ్మేట్లు నన్ను చూసి జాలిపడేవాళ్లు. సీన్ పేపర్లో అంతా కెమెరా ముందు అప్పుడే జరుగుతున్నట్టు రాయాలి: ‘హీరో వస్తాడు, తలుపు తీస్తాడు.’ పగలంతా అదే పని. తెల్లవారుజామున లేచి నవల రాసుకునేవాణ్ని. ఆ అలవాటు నవలలోకీ దూరిందని నాకు తెలియలేదు.

పంజాగుట్టలో ఓ వారపత్రిక సబ్‌ఎడిటర్ చదివి, కట్ట నా ముందు పడేశాడు.

“అన్నా, నీ హీరో మెట్లెక్కిండు, తలుపు తీస్తడు, మళ్ల లోపలికి పోయిండు. గిదంతా ఎప్పుడో అయిపోయిందా, ఇప్పుడు అయితున్నదా? జర సాఫ్ చేసి తే, సీరియల్‌గ వేస్తం.”

ఒళ్లు మండింది. కానీ అన్నది నిజం. రూముకొచ్చి కథ వదిలేసి, ప్రతి వాక్యం చివరి క్రియ ఒక్కటే చదువుకుంటూ పోయాను. కథ చెప్పేవాడు అన్నీ అయిపోయాక వెనక్కి చూస్తున్నాడు కాబట్టి ‘వస్తాడు’లన్నీ ‘వచ్చాడు’లయ్యాయి. పాత్రల మాటలు ముట్టుకోలేదు. వాళ్లు మాట్లాడేది అప్పటి వాళ్ల వర్తమానం.

అక్క గురించిన అధ్యాయం మాత్రం మొదటి వాక్యం నుంచి చివరిదాకా వర్తమానంలోనే ఉంచాను. ఆ నవలలో ఉన్నది మా అక్కే. అప్పటికి పంజాగుట్టలోనే ఓ ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు మాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లు. ఆ అధ్యాయం చివరి వాక్యం, ‘అక్క నవ్వుతూ ఉంటుంది.’ కావాలనే అలా రాశానని సబ్‌ఎడిటర్‌కు రెండుసార్లు చెప్పాను. “సమజైంది అన్నా, ఫికర్ చేయకు” అన్నాడు.

అక్క ప్రతివారం పత్రిక కోసం ఎదురుచూసేది. తన అధ్యాయం వచ్చిన వారం నేనే కొని, తెరిచి కూడా చూడకుండా మురిసిపోతూ పట్టుకెళ్లాను. దిండుకు ఆనుకుని చదివింది. చదవడం అయ్యాక కూడా ఆ పేజీ మీదే వేలు పెట్టుకుని కూర్చుంది.

“ఏంట్రా, నన్ను అప్పుడే పంపించేశావా?” అంది.

లాక్కుని చూశాను. అధ్యాయమంతా గతంలోకి మార్చేశారు. చివర, ‘అక్క నవ్వుతూ ఉండేది.’

అక్కడి నుంచే ఫోన్ చేశాను. “ఒక్క చాప్టర్ అట్లుంటే చదివేటోళ్లు తికమక పడతరు అన్నా. నువ్వు మర్చిపోయినవేమో అని నేనే మార్చిన” అన్నాడు సబ్‌ఎడిటర్. వాణ్ని తిట్టిన తిట్లు వార్డంతా విన్నది. వచ్చేవారం సవరణ వేయిస్తానని అక్కకు చెప్పాను.

“వచ్చేవారమా?” అంది అక్క. పత్రిక మడిచి నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.