ఈ పేజీ ఏ వాయిద్యానిది?

తెనాలిలో మా ఇంటి ముందుగదిలో నేను కీబోర్డ్ నేర్పుతాను. ఫోన్లో కెమెరా వచ్చాక నాకు ఇంకో ఉద్యోగం కూడా తగులుకుంది. ఎవరెవరో నా నంబరు సంపాదించి, స్వరాలు అచ్చేసిన కాగితాన్ని ఫొటో తీసి పంపుతారు. "మేడం, ఇవి ఏ నోట్సో రాసి పెట్టండి, కీ ఏంటో చెప్పండి." నమస్కారం ఉండదు, ఊరు పేరు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ వాయిద్యం మీద వాయిస్తారో అసలే ఉండదు.

రేపల్లె నుంచి వచ్చిన ఫొటో కూడా అలాంటిదే. పంపినావిడ అక్కడ బట్టలు కుడుతుందట. కొత్తగా నేర్చుకుంటోందట. చర్చిలో కోత పండగ రోజు పాటబృందంతో కలిసి ఒక్క పాట వాయిస్తానని అడిగితే, కీబోర్డుతో కలిస్తేనే వాయించమన్నారట సంఘ పెద్ద. ఇదంతా వివరంగా రాసింది. వాయిద్యం మాట మాత్రం లేదు.

ఫొటోలో పేజీ ఎడమ అంచు తెగిపోయింది. ఆ అంచులోనే క్లెఫ్ ఉంటుంది, అంటే ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు. దాని పక్కనే కీని, అంటే పాటకి ఆధార స్వరాన్ని, చెప్పే షార్పులు, ఫ్లాట్లు ఉంటాయి; షార్పు స్వరాన్ని అరమెట్టు పెంచుతుంది, ఫ్లాటు దించుతుంది. అవి లేకుండా స్వరం పేరు చెప్పడం నావల్ల కాదు. అన్నిటికన్నా కింది గీతని ట్రెబుల్ క్లెఫ్‌లో ఇ అంటారు, బేస్ క్లెఫ్‌లో జి అంటారు. అదే రాసి, "ఎడమవైపు మొత్తం పడేలా తీయండి. ఏ వాయిద్యమో చెప్పండి" అని పంపాను.

రెండో ఫొటోలో ఎడమవైపు కనిపించింది, కాకపోతే దాని మీద ఆవిడ బొటనవేలు ఉంది. నాకు ఒళ్ళు మండింది. మూడోది బాగా వచ్చింది. ట్రెబుల్ క్లెఫ్. పై గీత మీద ఒక షార్పు, మూడో సందులో ఇంకోటి. ఎఫ్, సి. పాట డి దగ్గర మొదలై, ఎ దాకా వెళ్ళి, మళ్ళీ డి మీదకి వచ్చి కూర్చుంటోంది. రెండు షార్పులు బి మైనర్‌కీ ఉంటాయి గానీ, ఈ పాట నిలబడింది డి మీద. కాబట్టి డి మేజర్. ఒక్కో స్వరం కింద అక్షరం రాశాను. ఎఫ్ వచ్చిన చోటల్లా ఎఫ్ షార్ప్ అని గుర్తు పెట్టాను. కొత్తవాళ్ళు తప్పేది అక్కడే. సరిగమల్లో కూడా కావాలంటే డి ని స అనుకోమని చెప్పాను.

చివర్లో మళ్ళీ అడిగాను. "ఇవి కాగితం మీద పేర్లు. కొన్ని వాయిద్యాల్లో కాగితం మీద ఒకటి ఉంటుంది, బయటికి ఇంకోటి పలుకుతుంది. మీది ఏంటో చెబితేనే కీబోర్డుతో సంగతి తేలుతుంది."

నీలం టిక్కులు పడ్డాయి. "థాంక్యూ అక్కా" అని, ఒక దండం బొమ్మ. అంతే.

రోగి ఎవరో చెప్పకుండా మందు పట్టుకుపోయినట్టు అనిపించింది. మళ్ళీ అడగడానికి నాకేం పని అని ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ, అన్నం తింటున్నా అదే చిరాకు.

కోత పండగకి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, ఫోను మోగింది. ఆవిడే. ఏడుస్తూనే మాట్లాడుతోంది.

"అక్కా, మీరు డి అన్నారుగా? అదే చెప్పాను కీబోర్డ్ ఆయనకి. పొద్దున చర్చిలో ప్రాక్టీసుకి ఆయన డి లోనే వాయించాడు. ఒక్క ముక్క కలవలేదక్కా. అందరూ చెవులు మూసుకున్నారు. నీకు శృతి లేదమ్మా, రేపు కూర్చుని పాడు చాలు అన్నారు పెద్దాయన. మీరు రాసింది తప్పేమో ఒక్కసారి చూడండక్కా."

తప్పా! నాకు కోపం నషాళానికంటింది. "నేను రాసింది అక్షరం కూడా తప్పు కాదు. ముందు మీరు వాయించేది ఏంటో చెప్పండి!" అని అరిచాను.

ఎవరైనా వింటారేమో అన్నట్టు చాలా నెమ్మదిగా, "క్లారినెట్ అక్కా" అంది.

ఫోను స్పీకర్లో పెట్టి కీబోర్డ్ ముందు కూర్చున్నాను. "మీ డి ఊదండి" అన్నాను. కొంచెం వణికింది గానీ స్వరం నిలబడింది. నా దగ్గర డి నొక్కితే కలవలేదు. సి నొక్కాను, అతికినట్టు కలిసింది. బి ఫ్లాట్ క్లారినెట్. దాని కాగితం మీద డి అని ఉంటే బయటికి పలికేది సి. ఆవిడ ఊదింది తప్పు కాదు, నేను రాసింది తప్పు కాదు. కీబోర్డే ఒక మెట్టు దిగి సి లో వాయించాలి.

"అదే వెళ్ళి ఆయనకి చెప్పండి."

"నే చెబితే వినరక్కా. కాగితంలో డి ఉంది, నువ్వే తప్పావంటాడు."

ఆదివారం పొద్దున్నే రేపల్లె బండెక్కాను. సాయం చేద్దామని కాదు, ఆవిడని ఎదురుగా నిలబెట్టి నాలుగు దులుపుదామని. భట్టిప్రోలు దాటేదాకా ఏమేం అనాలో వరసగా అనుకుంటూనే ఉన్నాను.

చర్చిలో గుమ్మానికి వరి కంకులు కట్టారు. ఆరాధన ఇంకా మొదలవలేదు. ఆవిడ క్లారినెట్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది; ముందు పాట సంగతి తేల్చి, తర్వాత దులుపుదామనుకున్నాను. కీబోర్డ్ ఆయన బాపట్లలో ఉద్యోగం చేస్తాడట, తెల్లచొక్కా నలగకుండా కూర్చున్నాడు. నేను సంగతి చెప్పగానే ఆవిడ ఫోను తీసుకుని నా మెసేజే నాకు చూపించాడు.

"ఏంటండి ఇది? డి మేజర్ అని మీరే రాశారుగా? రెండు షార్పులు కనపడట్లేదా అండి?"

"కనపడ్డాయండి. అది క్లారినెట్ కాగితం. ఆవిడ డి అంటే మీకు సి."

"డి అంటే సి ఏంటండి, ఎక్కడైనా ఉందా?"

సంఘ పెద్ద కూడా నన్ను అనుమానంగా చూశారు. ఇంక మాటలతో లాభం లేదనిపించింది. కీబోర్డు మీద శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి రెండు అరమెట్లు కిందికి దించాను. "మీ వేళ్ళు డి లోనే ఉంచుకోండి. ఈ ఒక్క పాటకే. తర్వాత సున్నాకి తెచ్చుకోండి" అన్నాను. ఆవిడ వైపు తిరిగి, "ఊదమ్మా" అన్నాను.

ఊదింది. ఆయన అయిష్టంగానే వేళ్ళు ఆనించాడు. మొదటి వరస కలిసింది. రెండో వరసకి పాటబృందంలో వెనక నుంచి ఎవరో సన్నగా పాడడం మొదలుపెట్టారు. సంఘ పెద్ద ఆవిడ కోసం కీబోర్డు పక్కన ఒక కుర్చీ వేయించారు.

ఆరాధన అయ్యాక బయట ఆవిడని పట్టుకున్నాను. పొద్దున్నుంచి దాచుకున్న కోపం ఇంకా చల్లారలేదు. "ఇన్నిసార్లు అడిగాను. మొదటిరోజే ఒక్క మాట చెబితే నిన్న అంత ఏడుపు ఉండేదా?" అన్నాను.

ఆవిడ పెట్టె మూత వేస్తూ తల ఎత్తలేదు. "మీకంటే ముందు ముగ్గుర్ని అడిగానక్కా. పాత క్లారినెట్ కొనుక్కున్నాను, పెట్టెలో అట్ట చిరిగిపోయిన పుస్తకం ఉంది, వేళ్ళ బొమ్మలు ఉన్నాయి, ఈ అక్షరాలొక్కటి చెప్పండి అన్నాను. క్లారినెట్టా, పెళ్ళి బ్యాండులో చేరతావా ఏంటమ్మా అని నవ్వారు. ఒకాయన నవ్వుతానే ఫోను పెట్టేశాడు. అది చెప్పకపోతే నవ్వరు గదా అని..."

ఇప్పుడు నా కోపం ఆ ముగ్గురి మీదకి మళ్ళింది. వాళ్ళలో ఒకరిద్దరు నాకు తెలిసినవాళ్ళే అయి ఉంటారు. తిరుగు బండిలో కూడా అదే కోపంతో కూర్చున్నాను.

మర్నాడు ఇంకో ఫొటో వచ్చింది. ఎడమ అంచు మొత్తం కనిపిస్తోంది, వేలు అడ్డం లేదు. కింద రాసి ఉంది: "అక్కా, బి ఫ్లాట్ క్లారినెట్. వాయించేది నేనే."