మిర్యాలగూడ బిర్యానీ మీద నా కేసు

మా సూర్యాపేటలో ఎవరు ఎదురుపడినా "తిన్నవా?" అని అడుగుతారు. జవాబు మాత్రం వినరు. ఈ విషయంలో నాకు చాలాకాలంగా అసంతృప్తి ఉంది. జవాబు పూర్తిగా విన్న మొదటి మనిషి మా లాయరమ్మే. ఆమె వినకుండా ఉంటే బాగుండేది.

సోమవారం మధ్యాహ్నం నేనూ మా బామ్మర్దీ మిర్యాలగూడ హోటల్లో ఒకే ప్లేటులో బిర్యానీ తిన్నాం. సాయంత్రానికి నాకు వాంతులు, విరేచనాలు, జ్వరం. వీధి చివరి డాక్టరు ముందు సూది వేసి, తర్వాత ఏమైందని అడిగాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించుకున్నాక పెద్ద దవాఖానలో మలపరీక్ష చేశారు. అందులో ఏ క్రిమీ దొరకలేదు. ఆ సూదిలో యాంటీబయోటిక్ ఉందట, క్రిములు ముందే చచ్చాయట.

హోటలుకు ఫోన్ చేస్తే ఓనరు, "గా రోజు ఊరంత తిన్నది సార్. మీ ఒక్కరికే అయిందా?" అన్నాడు. వినియోగదారుల కమిషన్‌లో వాడి చేత తప్పు ఒప్పించాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. కాలనీ అంతటికీ చెప్పాను కూడా.

కేసు వేద్దామని వెళ్తే, అంతా విని లాయరమ్మ తాపీగా అడిగింది. "మీ బామ్మర్దికి ఏమైంది?"

"ఏం కాలే మేడం. లెగ్ పీస్ కూడ వాడే తిన్నడు."

"ఆఖరుకు తిన్నదాని మీదనే అందరికి అనుమానం పోతది సార్. కొన్ని క్రిములు రోజు, రెండు రోజులు ఆగి పని మొదలువెడ్తయ్. ఆదివారం ఏం తిన్నరు?"

ఆదివారం కోదాడ దగ్గరి చిలుకూరులో మా ఆవిడ చిన్నాన్న ఇంట్లో దావతు. మటన్, బోటి. మా ఆవిడా, బామ్మర్దీ వెళ్లలేదు. నేను మాత్రం ఇద్దరి వాటా తిన్నాను.

"ఆడ ఇంకెవరికన్న అయిందేమో కనుక్కోండ్రి. కాలేదంటేనే మన కేసు నిలవడ్తది."

దావతు పెట్టిన మనిషిని ఈ మాట అడగడం కంటే మళ్లీ సెలైన్ ఎక్కించుకోవడం సులువు. "మా చిన్నాన్నను గిట్ల అడుగుతవా?" అని ఇంట్లో మా ఆవిడ మండిపడింది. అయినా మర్నాడు లాయరమ్మ ముందే ఫోన్ స్పీకర్లో పెట్టి, క్షేమసమాచారాల నుంచి మెల్లగా విషయానికి వచ్చాను.

చిన్నమామ కాసేపు దగ్గాడు. "ఏం దాస్తం అల్లుడూ. మీ అత్తమ్మ, ఇద్దరు కోడండ్లు, వంటాయన, అందరం సోమవారం సాయంత్రానికి కోదాడ దవాఖానలనే ఉన్నం. పరువు పోతదని ఎవ్వరికి చెప్పలే. నువ్వు బాగనే ఉన్నవ్ గదా?"

బాగానే ఉన్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. మరి ఈ కేసు ఇప్పుడు ఎవరి మీద వేయాలని లాయరమ్మను అడిగాను.

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పుణ్యానికి తిన్నోళ్లు వినియోగదారులు కారు సార్."