పదకొండు పేపర్లలో మిథనాల్

నందిగామ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో కాపీ అంటే నాకు ఒళ్ళు మంట. ఓసారి పరీక్షలో కీటోన్, ఎస్టర్ రెండూ ఉన్న పదార్థమిచ్చాను. ముందు కీటోన్‌ను మాత్రమే, తర్వాత రెండింటినీ ఆల్కహాల్‌గా మార్చడానికి ఏ రసాయనం, ఏ ద్రావకంలో వాడాలో రాయమన్నాను. మొదటిదానికి క్లాసులో ఉన్న పదకొండు మందీ మిథనాల్లో సోడియం బోరోహైడ్రైడ్ అని సరిగ్గానే రాశారు. అది నెమ్మదైనది, మామూలుగా ఎస్టర్ జోలికి పోదు. రెండోదానికి లిథియం అల్యూమినియం హైడ్రైడ్ అన్నారు, అదీ సరే. కానీ పదకొండు పేపర్లలోనూ దాన్ని కూడా మిథనాల్లోనే వేశారు! తడి లేని ఈథర్‌లో వాడాల్సింది అది. మిథనాల్ తగిలితే హైడ్రోజన్ బుసకొట్టి మంటలు లేస్తాయి. పదకొండు మందికీ ఒకే తప్పు ఎలా వస్తుంది?

జగ్గయ్యపేట నుంచి ఒకే బస్సులో వచ్చే జట్టు మీద నా అనుమానం. వాళ్ళలో ఒకమ్మాయిని నిలబెట్టి, "ఎవరిది చూసి రాశారు?" అని గద్దించాను.

ఆమె నోట్సు తెరిచి చూపించింది. నేను చెప్పి రాయించిన పేజీ. రెండు రసాయనాలకూ మిథనాలే ఉంది.

"పుస్తకంలో ఈథరనే ఉంది సార్," అంది మెల్లగా. "మీరు చెప్పింది తప్పంటే తిడతారని, ఇదే రాశామండి."