సార్ కథకు హెడ్డింగు దొరికిన రోజు

ధర్మసాగర్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు నడిపే విత్తనాల బ్యాంకులకు తోడ్పడే ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. హనుమకొండలో ఒక ఇంటి మేడ మీద మా ఆఫీసు. ఓసారి గ్రాంటు కోసం ప్రపోజల్ పంపాల్సి వచ్చింది. డ్రాఫ్టు డైరెక్టర్ సార్ స్వయంగా రాశారు. మొదటి నాలుగు పేజీలూ ‘మా మట్టి పిలుపు’. అంటే సంస్థ ఎలా పుట్టిందో సార్ చెప్పే కథ.

నిధులిచ్చేవాళ్ళ నిబంధన మాత్రం సూటిగా ఉంది. వాళ్ళిచ్చిన హెడ్డింగులే వాడాలి, అదే వరుసలో ఉండాలి. మారితే చదవకుండానే పక్కన పెడతారు.

“నా కథ ముందుగాల ఉండాలె. గా కథ చదివితెనే మనసు కరుగుతది,” అన్నారు సార్.

మా అకౌంటెంట్‌ను అందరం ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం. ఆమె నా వైపు చూసి కన్ను గీటింది. “సరే సార్. ఏ హెడ్డింగు కింద పెట్టాల్నో మీరే జెప్పుండ్రి.”

డ్రాఫ్టు ప్రింటు తీసి, పేరాలవారీగా కత్తిరించాం. వాళ్ళ హెడ్డింగులను విడి కాగితాల మీద రాసి బల్ల మీద వరుసగా పరిచాం. సార్ తన కథను చేతిలో పట్టుకుని బల్ల చుట్టూ తిరిగారు. ‘సమస్య వివరణ’ కింద పెట్టారు.

“మన సంస్థ పుట్టుడే సమస్యనా సార్?” అంది ఆపా అమాయకంగా.

తీసి ‘లక్ష్యాలు’ కింద పెట్టారు. అయిపోయిన సంగతి లక్ష్యం ఎలా అవుతుందని నేనడిగాను. సార్ గొణుక్కుంటూ అదీ తీసేశారు. ‘సంస్థ అనుభవం’ ఉంది కానీ, అక్కడ ఒక్క పేరాకే అనుమతి.

మిగతా పేరాలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. సార్ ‘మా ఆశయాలు’ అన్న చోట ‘లక్ష్యాలు’ అని మార్చాం. ‘పైన చెప్పినట్టు’ అన్న మాటలు ఇప్పుడు కింద ఉన్నవాటిని చూపిస్తుంటే వాటినీ దిద్దాం. చివరికి ఒక్క హెడ్డింగు కింద మాత్రం ఏమీ లేదు: ‘నిధులు ఆగాక కొనసాగింపు’. దాని గురించి సార్ ఒక్క ముక్కా రాయలేదు.

అప్పుడు నేను ఆయన కథ మళ్ళీ చదివాను. మూడో పేజీలో, వర్ణనల మధ్య, ఒక సంగతి కనబడింది. పాత సాయం ఆగిపోయాక కూడా ఒక ఊరి ఆడవాళ్ళు విత్తనం అప్పు తీసుకున్నవాళ్ళ దగ్గర కొంచెం ఎక్కువ తిరిగి కొలిపించుకుంటూ బ్యాంకును నిలబెట్టుకున్నారట. ఆ పేరా కత్తిరించి ఖాళీ చోట పెట్టాను.

సార్ మిగతా పేజీలు చేతిలోకి తీసుకున్నారు. “మిగిలిందంత?”

“మస్తుగుంది సార్. గ్రాంటొచ్చినంక దావత్‌ల చదువుకుందాం,” అంది ఆపా. సార్‌కు కూడా నవ్వాగలేదు.

గ్రాంటు వచ్చింది. ఆ తర్వాత మడికొండలో జరిగిన ఓ సమావేశంలో ఇతర సంస్థలవాళ్ళకు సార్ గంభీరంగా బోధించారు: “ముందుగాల వాళ్ళ హెడ్డింగులు రాసుకోండ్రి. గా తర్వాతనే మీ కథ. నేను గట్లనే చేస్త.”

వెనక వరసలో ఆపాకు దగ్గు వచ్చింది. నేను ఆమెకు మంచినీళ్ళు అందించి, తల వంచుకుని కూర్చున్నాను.